పావుగంట బ్యాచ్‌లో జారిపోయిన 40 ప్యాకెట్లు

ప్రశ్న: మా ఈఆర్‌పీ నుంచి ఆర్డర్ యాప్‌కు, గోదాం సాఫ్ట్‌వేర్‌కు రోజూ రాత్రి బ్యాచ్ ఫైల్ వెళ్తుంది. ఇప్పుడు అన్నిటినీ మెసేజ్ క్యూకి మార్చమంటున్నారు. నిజంగా అవసరమా? ఆ బ్యాచ్‌నే పావుగంటకోసారి నడిపితే సరిపోదా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

జవాబు:

మేం కూడా ముందు పావుగంట బ్యాచే పెట్టాం. అది ఎక్కడ దెబ్బకొట్టిందో చెప్తాను.

వరంగల్‌లో విత్తనాలు, ఎరువులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక సంస్థలో ఐటీ పని చూస్తాను. నర్సంపేట, పరకాల, ములుగులో మాకు గోదాములున్నాయి. స్టాకు లెక్కంతా ఈఆర్‌పీలో ఉంటుంది. డీలర్లు ఆర్డర్ పెట్టే యాప్ వేరు, దాని డేటాబేస్ వేరు. రాత్రి 11కి ఈఆర్‌పీ నుంచి ఒక సీఎస్‌వీ ఫైల్ యాప్‌కు వెళ్లేది. ఏడాదిలో ఎక్కువ రోజులు దానితో ఏ ఇబ్బందీ రాలేదు. మిర్గం వచ్చి తొలివాన పడ్డాకే అసలు సంగతి బయటపడింది.

ఆ రోజు పొద్దున నర్సంపేట గోదాంలో ఒక రకం పత్తి విత్తనాలు 600 ప్యాకెట్లున్నాయి. 11 గంటలకల్లా కౌంటర్ మీదే 520 అమ్ముడుపోయాయి. యాప్‌లో మాత్రం రాత్రి ఫైల్ చెప్పిన 600 అలాగే కనపడుతోంది. మధ్యాహ్నం ఒక డీలర్ 300 ఆర్డర్ పెడితే యాప్ ఓకే అంది. ఆయన ట్రాలీ పంపాడు, ఇక్కడ ఉన్నవి 80. ఊళ్లో రైతులు షాపు ముందు ఎదురుచూస్తుంటే ట్రాలీ ముప్పాతిక ఖాళీగా వెనక్కి పోయింది. ఇది చూశాక ఊరుకోలేకపోయాం.

అప్పుడే పావుగంట బ్యాచ్ పెట్టాం. ప్రతిసారీ మొత్తం స్టాకు తీస్తే బిల్లింగ్ నెమ్మదిస్తోందని, పోయినసారి తర్వాత చేరిన బిల్లు లైన్లను మాత్రమే `created_at` చూసి తీసుకునేలా రాశాం. రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత యాప్ లెక్కకూ గోదాం లెక్కకూ కొద్దికొద్దిగా తేడా రావడం మొదలైంది. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ప్రతి రన్ సక్సెస్ అనే ఉంది. మూడు రోజులు వెతికితే 40 ప్యాకెట్ల బిల్లు ఒకటి దొరికింది.

ఆ బిల్లు లైన్‌లో పడిన టైమ్ 10:14:58. రద్దీలో ఆ ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యేసరికి 10:15:03 అయింది. మా బ్యాచ్ 10:15:00కి చదివింది. కమిట్ కాని లైన్ దానికి కనపడదు. చదివి, 10:15:00 వరకు అయిపోయినట్టు రాసుకుంది. 10:30కి మళ్లీ లేచి 10:15:00 తర్వాతి లైన్లే అడిగింది. ఆ 40 ప్యాకెట్లు ఏ రన్‌కూ చిక్కలేదు. ప్రతిసారీ ఐదు నిమిషాలు వెనక్కి జరిగి చదివితే ఇది చాలావరకు తగ్గుతుంది. కానీ అప్పుడు ఒకే లైన్ రెండుసార్లు వచ్చి స్టాకు రెండుసార్లు తగ్గుతుంది. పైగా ఆలస్యం ఎలాగూ పావుగంట ఉంటుంది, సీజన్‌లో ఆ పావుగంటలోనే వంద ప్యాకెట్లు పోతాయి.

దాంతో స్టాకు ఒక్కదాన్ని క్యూలోకి మార్చాం. రాబిట్‌ఎమ్‌క్యూ వాడాం. ఇక్కడ మొదట అందరికీ తట్టే పద్ధతి, బిల్లు సేవ్ అవ్వగానే అదే కోడ్‌లోంచి క్యూకి మెసేజ్ పంపడం. దయచేసి అలా చేయకండి. బిల్లు కమిట్ అయ్యాక మెసేజ్ వెళ్లేలోపు సర్వర్ ఆగిపోతే మెసేజ్ పోయినట్టే. ముందు మెసేజ్ పంపి, ఆ తర్వాత బిల్లు రోల్‌బ్యాక్ అయితే జరగని అమ్మకం యాప్‌కు చేరుతుంది. డేటాబేస్, క్యూ రెండూ వేర్వేరు కాబట్టి ఒకే కమిట్‌లో రెండిటినీ కట్టేయలేం.

మేం చేసింది ఇది. బిల్లు రాసే ట్రాన్సాక్షన్‌లోనే `outbox` అనే టేబుల్‌లో కూడా ఒక వరుస రాస్తాం. బిల్లు నిలిస్తే అదీ నిలుస్తుంది, పోతే అదీ పోతుంది. ఒక చిన్న ప్రోగ్రామ్ రెండు సెకన్లకోసారి `sent_at` ఖాళీగా ఉన్న వరుసలను తీసి క్యూకి పంపుతుంది. అందిందని క్యూ చెప్పాకే `sent_at` నింపుతుంది. ఇదీ టైమ్ పెట్టి చదవడమే కదా అనిపించవచ్చు. తేడా ఏమిటంటే ఇది గడియారాన్ని నమ్మదు, పంపామా లేదా అన్నదే చూస్తుంది. ఆలస్యంగా కమిట్ అయిన వరుస తర్వాతి చుట్టులో దానంతట అదే కనపడుతుంది.

కానీ పంపేసి, `sent_at` నింపేలోపు ఆ ప్రోగ్రామ్ ఆగిపోతే అదే మెసేజ్ మళ్లీ వెళ్తుంది. దీన్ని పూర్తిగా ఆపలేం, అందుకునేవైపే జాగ్రత్తపడాలి. మా యాప్‌లో `event_id` ప్రైమరీ కీగా ఒక టేబుల్ ఉంది. స్టాకు తగ్గించే ట్రాన్సాక్షన్ ఇలా ఉంటుంది:

```sql
BEGIN;
INSERT INTO processed_events (event_id) VALUES (78213);
UPDATE stock SET qty = qty - 40
 WHERE godown = 'NSPT' AND item = 'CS-102';
COMMIT;
```

అదే మెసేజ్ రెండోసారి వస్తే `INSERT` దగ్గరే ఆగి, మొత్తం రోల్‌బ్యాక్ అవుతుంది. ఆ మెసేజ్ పని ముందే అయిపోయిందని క్యూకి ఏక్, అంటే పని అయిందన్న జవాబు, ఇచ్చేస్తాం. కొత్త మెసేజ్‌కైతే కమిట్ అయ్యాకే ఏక్ ఇవ్వాలి, ముందే ఇస్తే మధ్యలో కరెంటు పోయినప్పుడు ఆ అమ్మకం మాయమవుతుంది. క్యూని డ్యూరబుల్‌గా, మెసేజ్‌లను పర్సిస్టెంట్‌గా రెండూ పెట్టాలి. ఒకటి మరిచినా రాబిట్‌ఎమ్‌క్యూ రీస్టార్ట్‌లో మెసేజ్‌లు పోతాయి.

ఇంకో రోజు యాప్‌లో ఇంకా చేర్చని కొత్త ఐటమ్ కోడ్‌తో ఒక మెసేజ్ వచ్చింది. `UPDATE`కు ఒక్క వరుసా దొరక్కపోతే మా కోడ్ దాన్ని ఫెయిల్ అనుకునేది, ఫెయిలైన ప్రతి మెసేజ్‌నూ తిరిగి క్యూలోనే వేసేది. ఆ ఒక్క మెసేజే తిరిగి తిరిగి వస్తూ సీపీయూ మొత్తం తినేసింది, వెనక ఉన్నవి నత్తనడక నడిచాయి. ఇప్పుడు మూడుసార్లు ఫెయిలైతే అలాంటివాటికి వేరేగా పెట్టిన డెడ్ లెటర్ క్యూలోకి వెళ్తుంది, మాకు ఫోన్‌లో అలర్ట్ వస్తుంది. రాబిట్‌ఎమ్‌క్యూ స్క్రీన్‌లో `Ready` అంకె పెరుగుతూనే ఉంటే అందుకునేవైపు ఏదో ఆగిందనో, వెనకబడిందనో అర్థం. బ్యాచ్ ఫెయిలైతే తెల్లారేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, క్యూ ఆగితే ఎవరికీ వెంటనే తెలియదు. అందుకే దీనికీ అలర్ట్ పెట్టకుండా లైవ్‌కి వెళ్లకండి.

క్యూ పెట్టినా రెండు మూడు సెకన్ల తేడా ఉంటుంది. చివరి 80 ప్యాకెట్ల కోసం ఇద్దరు డీలర్లు ఒకేసారి నొక్కితే క్యూ కాపాడలేదు. అందుకే స్టాకు వంద కంటే తగ్గితే ఆర్డర్ ఓకే చేసేముందు యాప్ నేరుగా ఈఆర్‌పీనే అడుగుతుంది.

ధరల పట్టిక, డీలర్ల ఖాతాలు ఇప్పటికీ రాత్రి బ్యాచ్‌లోనే వెళ్తున్నాయి. ధరలు రోజు మధ్యలో మారవు, ఖాతాలు పొద్దునకు సరిగా ఉంటే చాలు. వాటిని క్యూకి మార్చి ఉంటే పని పెరిగేది తప్ప లాభం లేదు. మీవాళ్లు అన్నీ మార్చమంటే ఒక్కో ఫైల్‌కూ ఒకటే అడగండి: ఇది పన్నెండు గంటలు ఆలస్యమైతే ఎవరి ట్రాలీ ఖాళీగా వెళ్తుంది?

స్టాకు విషయంలో కూడా రాత్రి బ్యాచ్‌ను తీసేయలేదు. దాని పని మార్చాం. 11కి ఈఆర్‌పీ స్టాకునూ యాప్ స్టాకునూ పక్కపక్కన పెట్టి తేడాలు మాత్రం చూపిస్తుంది. మొదటి నెలలోనే పరకాలలో 25 బస్తాల యూరియా తేడా చూపించింది. చూస్తే సపోర్ట్‌వాళ్లు ఒక తప్పు బిల్లును డేటాబేస్‌లో నేరుగా సరిచేశారు. బిల్లింగ్ కోడ్ నడవలేదు కాబట్టి `outbox`లో వరుస పడలేదు. ఇప్పుడు అలాంటి సవరణ చేసేవాళ్లు `outbox` వరుస కూడా రాయాలని నియమం పెట్టాం, అయినా రాత్రి సరిచూపు మాత్రం ఆపలేదు.