కుట్టుపని జాబ్ వర్క్: రేటు ఒప్పుకునే ముందు వేయవలసిన లెక్క

ప్రశ్న: మా అమ్మాయి ఐటీఐలో కుట్టుపని కోర్సు చేసి, అచ్యుతాపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో 2 ఏళ్లు లైన్‌లో పనిచేసింది. ఇప్పుడు విశాఖలోని ఒక కంపెనీ, కత్తిరించిన గుడ్డ మేమే ఇస్తాం, నైట్ ప్యాంట్లు కుట్టి ఇవ్వండి, పీసుకు 18 రూపాయలు అంటోంది. షెడ్డు అద్దెకు తీసుకుని, 4 మిషన్లు వేసి, ముగ్గురిని పెట్టుకుంటానంటోంది మా అమ్మాయి. గుడ్డ మనం కొనక్కర్లేదు కాబట్టి నష్టం రాదట. ఒప్పుకోమంటారా? — ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: పని ఒప్పుకోండి, కానీ 4 మిషన్లతో కాదు. మీ అమ్మాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. గుడ్డ ధర పడిపోయినా, సరుకు అమ్ముడుపోకపోయినా ఆ నష్టం కంపెనీదే. అయితే కుట్టడానికి పట్టే సమయం, పీసుల లెక్క, డబ్బు చేతికి వచ్చే తేదీ, ఈ మూడూ మీ మీదే ఉంటాయి. జాబ్ వర్క్ యూనిట్లు మూతపడేది సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒకదాని వల్లనే.

ముందు సమయం సంగతి చూద్దాం. జేబులు, కాళ్ల కుట్లు, నడుము లాస్టిక్, అడుగు మడత అన్నీ కలిపి ఒక నైట్ ప్యాంటుకు 9 నిమిషాల పని పడుతుందనుకుందాం. 4 మిషన్ల మీద రోజుకు 8 గంటలంటే మొత్తం 1,920 నిమిషాలు. కాగితం మీద 213 ప్యాంట్లు రావాలి, కానీ కొత్త యూనిట్‌లో రావు. దారం తెగడం, బాబిన్ మార్చడం, బండిల్ విప్పి వెతకడం, తప్పు కుట్టు ఊడదీయడం వంటి వాటికి మొదటి నెలల్లో సగం సమయం పోతుందనుకుని లెక్క వేయడం మంచిది. అప్పుడు రోజుకు 106 ప్యాంట్లు, 25 రోజులకు 2,650, కుట్టుకూలి 47,700 రూపాయలు. ముగ్గురికి రోజుకు 450 చొప్పున కూలి 33,750, దారం 2,650, షెడ్డు అద్దె 3,000, కరెంటు 1,800, రవాణా 2,000, సూదులు, నూనె, చిన్న మరమ్మతులు 500 పోతే, నెలంతా మిషన్ మీద కూర్చున్న మీ అమ్మాయికి మిగిలేది 4,000. చెయ్యి తిరిగి 65 శాతం సమయం పనికి దక్కితే అదే 4 మిషన్ల మీద 3,450 ప్యాంట్లు వస్తాయి, రవాణా కొంత పెరిగినా సుమారు 17,000 మిగులుతుంది. పీసు రేటు ఒక్క పైసా మారకుండానే మిగులు నాలుగు రెట్లు పైనే అయింది. అందుకే రేటు కోసం బేరమాడే ముందు ఈ నిమిషాల లెక్క మీ చేతిలో ఉండాలి.

ఇప్పుడు ఇదే పని ఇంటి ముందు గదిలో, ఒక మామూలు పవర్ మిషన్, గుడ్డ అంచులు కుట్టే ఒక ఓవర్‌లాక్ మిషన్ మాత్రమే పెట్టి, మీ అమ్మాయి, ఇంకొకరు కలిసి చేస్తే ఎలా ఉంటుందో చూడండి. సగం సమయమే పనికి వచ్చినా నెలకు సుమారు 1,325 ప్యాంట్లు, కుట్టుకూలి 23,850. ఒకరి కూలి 11,250, దారం, కరెంటు, రవాణా, మరమ్మతులు కలిపి మరో 4,300 పోతే 8,300 దాకా మిగులుతుంది. నేర్చుకునే నెలల్లో 4 మిషన్ల కంటే 2 మిషన్లకే ఎక్కువ మిగలడానికి కారణం, అద్దె లేకపోవడం, కూలి బరువు తక్కువగా ఉండడం. మీ అమ్మాయి ఫ్యాక్టరీలో బహుశా ఒకటి రెండు కుట్లు మాత్రమే వేసి ఉంటుంది, మొత్తం ప్యాంటు నడిపించడం వేరే పని. అది 2 మిషన్ల మీద నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

రెండోది లెక్క. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక అమ్మాయి 500 ప్యాంట్ల సరుకు దింపుకునేటప్పుడు చలానా మీద సంతకం చేసింది గానీ బండిళ్లు విప్పి లెక్కపెట్టలేదు. చివరికి 8 ప్యాంట్లు తక్కువయ్యాయి. కంపెనీ కుట్టుకూలిలో నుంచి గుడ్డ ధరే పట్టుకుంది, ప్యాంటుకు 160 చొప్పున 1,280 రూపాయలు. అంటే 71 ప్యాంట్లు ఊరికే కుట్టినట్టు. ఆ ముక్కలు అసలు వచ్చాయో లేదో చెప్పడానికి ఆమె దగ్గర ఆధారం లేదు. అందువల్ల సరుకు వచ్చిన రోజే లెక్కపెట్టి, తేడా ఉంటే చలానా మీదే రాసి, ఫొటో తీసి కంపెనీకి వాట్సాప్‌లో పంపాలి.

బండిల్‌కు కట్టిన చిన్న చీటీని కూడా చివరి కుట్టు వరకు తీయకూడదు. గుడ్డ ఒక థాను నుంచి ఇంకో థానుకు రంగులో కొంచెం తేడా వస్తుంది, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద అది కనిపించదు. చీటీలు కలిసిపోతే ఎడమ కాలు ఒక థానుది, కుడి కాలు మరొక థానుది అవుతుంది. పగటి వెలుగులో చూసి కంపెనీ తిప్పి పంపుతుంది, ఊడదీసినా అది బాగుపడదు. వందకు ఎన్ని పీసుల వరకు నష్టం కంపెనీ భరిస్తుంది, అంతకు మించితే ఎంత పట్టుకుంటుంది అన్నది మొదటి సరుకు దించుకోకముందే కాగితం మీద రాయించుకోండి.

మూడోది డబ్బు. కూలి ప్రతి శనివారం ఇవ్వాలి, కంపెనీ బిల్లు 45 రోజులకు వస్తుందనుకోండి. 4 మిషన్ల యూనిట్‌కు అప్పటికి చేతి నుంచి సుమారు 65,000 ఖర్చయి ఉంటుంది. చాలామంది మిషన్లకు అప్పు తెస్తారు, ఈ డబ్బు సంగతి మరిచిపోతారు. పని మొదలుపెట్టకముందే udyamregistration.gov.in లో మీ అమ్మాయి పేరున ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, చేయించండి. దానికి రుసుము లేదు, ఏజెంటుకు డబ్బు కట్టకండి. చిన్న పరిశ్రమల కోసం ఉన్న 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి, ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. అయితే మొదటి బిల్లుకే ఫిర్యాదు చేస్తే రెండో సరుకు రాదు. కాబట్టి మొదటి సరుకు డబ్బు వచ్చాకే మూడో సరుకు ముట్టుకుంటామని మొదట్లోనే చెప్పడం మేలు.

పన్నుల విషయంలో భయం అక్కర్లేదు. జీఎస్టీకి మీ కుట్టుకూలి ఒక్కటే ఆదాయం కింద లెక్క, కంపెనీ గుడ్డ విలువ కలవదు. అది ఏడాదికి 20 లక్షల లోపు కాబట్టి రిజిస్ట్రేషన్ అవసరం రాదు. కంపెనీ బిల్లులో ఆదాయపు పన్ను కింద 1 శాతం టీడీఎస్ పట్టుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం అవుతుంది గనుక ముందే ఇవ్వండి. రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇక ఈ వారం చేయవలసింది ఒక్కటే. కంపెనీని 20 ప్యాంట్ల నమూనా సరుకు అడగండి. మొదటి 10 చెయ్యి అలవాటుకు వదిలేసి, తరువాతి 10 ప్యాంట్లకు ప్రతి కుట్టుకూ ఎంతసేపు పట్టిందో ఫోన్ గడియారంతో రాయమనండి. సగటు 9 నిమిషాల దగ్గర ఉంటే 18 రూపాయలు సరైన రేటే. 11 నిమిషాలు వస్తే ఆ కాగితం చూపించి 22 అడగాలి. ఇవ్వకపోతే ఈ ప్యాంట్లు వదిలేసి, తిన్నని కుట్లు మాత్రమే ఉండే దిండు గలీబుల వంటి పని ఏదైనా వాళ్ల దగ్గర ఉందేమో అడగమనండి.