పిల్లి గడ్డం కింద పెచ్చులు: అది గజ్జి కాదు, ముందు గిన్నె మార్చండి

ప్రశ్న: మా పిల్లికి రెండేళ్లు. గడ్డం కింద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు వచ్చాయి. ఇప్పుడవి చిన్న చిన్న పొక్కులై పెచ్చు కట్టాయి. గజ్జి అని మెడికల్ షాపులో చెబితే ఒక క్రీము, పర్మెత్రిన్ లోషన్ ఇచ్చారు. క్రీము మూడు రోజులు రాశాం, తగ్గలేదు. లోషన్ రాయమంటారా? గేదె పాలు, చేప ముక్కలు పాత ప్లాస్టిక్ డబ్బాలో పెడతాం. తిండి మామూలుగానే తింటోంది. ఫోటో పంపుతున్నాను.
– ఒక రైతు, కోవూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: లోషన్ రాయొద్దు. సీసా పిల్లికి, పిల్లలకు అందనిచోట పెట్టండి. మనుషుల గజ్జికి వాడే పర్మెత్రిన్ పిల్లికి విషం. దాని శరీరం ఆ మందును విరగ్గొట్టి బయటకు పంపలేదు. ఒంటికి రాసినా, నాకినా వణుకు, చొంగ, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ఎవరైనా ఇప్పటికే రాసి ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఫోటో చూస్తే ఇది గజ్జిలా లేదు. పిల్లికి గజ్జి సాధారణంగా చెవుల అంచున మొదలై తల మీదికి పాకుతుంది, దురదకు పిల్లి నిలవలేదు. మీ పిల్లికి చెవులు శుభ్రంగా ఉన్నాయి, మచ్చలన్నీ గడ్డం, కింది పెదవి దగ్గరే ఉన్నాయి. ఇవి మొటిమలు. గడ్డం చర్మంలో నూనె గ్రంథులు ఎక్కువ. వెంట్రుక కుదురులో ఆ జిడ్డు, చచ్చిన చర్మం కూరుకుపోయి నల్ల చుక్క అవుతుంది. అందులో సూక్ష్మక్రిములు చేరితే పొక్కు, చీము, పెచ్చు వస్తాయి.

ఆ చుక్కలు గోమార్ల రెట్ట కావచ్చన్న అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సన్న దువ్వెనతో దువ్వి, రాలినదాన్ని తడిపిన తెల్ల గుడ్డ మీద వేయండి. ఎర్రగా కరిగితే గోమార్లు, నల్లగానే ఉంటే మొటిమలు.

ఇక మీ డబ్బా సంగతి. ఖాళీ డబ్బాను ఎండలో వాలుగా పట్టుకుని చూడండి, లోపల సన్నని గీతలు కనిపిస్తాయి. పాల వెన్న, చేప నూనె ఆ గీతల్లోకి దిగితే ఎంత తోమినా పోవు. పిల్లి తిన్నప్పుడల్లా గడ్డం దానికే రుద్దుకుంటుంది. అందుకే డబ్బా పారేసి, గడ్డం అంచుకు తగలనంత వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న స్టీలు పళ్లెం పెట్టండి. పింగాణీదైనా పరవాలేదు కానీ పగుళ్లు ఉండకూడదు. మట్టి మూకుడు వద్దు, అదీ జిడ్డు పీలుస్తుంది. తిండికి, నీళ్లకు వేరువేరుగా పెట్టి, రోజూ సబ్బుతో, వేడినీళ్లతో తోమి ఆరబెట్టండి. పొద్దున పోసిన పాలు సాయంత్రం దాకా ఉంచొద్దు.

గడ్డానికి రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదిని ఐదు నిమిషాలు అద్దండి. పెచ్చు మెత్తబడి దానంతటదే ఊడాలి. గోటితో గిల్లినా, నొక్కి పిండినా లోపలి కుదురు పగిలి చీము చర్మం అడుగుకు పోతుంది. తర్వాత పశువైద్యుడు రాసిచ్చే 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌ను రోజుకు ఒకసారి అద్ది, ఐదు నిమిషాలు పిల్లిని ఒడిలో పట్టుకుని, తడి గుడ్డతో తుడిచేయండి. కంట్లో పడకూడదు, నాకనివ్వకూడదు. డెట్టాల్, కర్పూరం, టీ ట్రీ నూనె దగ్గరికి రానివ్వొద్దు.

ఆ క్రీము కూడా ఆపండి. గొట్టం మీద క్లోబెటసాల్ అని ఉందేమో చదవండి. అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గినట్టు చూపించి చర్మాన్ని పలచబరుస్తుంది, తామర ఉంటే పెంచుతుంది. కౌంటర్ దగ్గర పిల్లిని చూడకుండా మందు ఇచ్చేవారి మాట మీద దాని ప్రాణం పెట్టకండి. మన మందు దానికి మందు కాదు. నొప్పికని ఒక్క పారాసిటమాల్ బిళ్ల వేసినా పిల్లి చచ్చిపోవచ్చు.

ఈ వారంలోనే ఒకసారి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఆ గొట్టం, సీసా కూడా పట్టుకెళ్లండి. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే గజ్జి పురుగు, ఫంగస్ సంగతి తెలుస్తుంది. వెంట్రుకలు ఊడి గుండ్రటి మచ్చలు పడినా, ఇంట్లో పిల్లల చేతుల మీద ఎర్రటి వలయాలు కనిపించినా తామరే అనుకోవాలి. అది పిల్లి నుంచి మనుషులకు అంటుతుంది కాబట్టి తేలేదాకా పిల్లల్ని ఎత్తుకోనివ్వొద్దు. గడ్డం వాచినా, చీము కారినా, నమలడానికి ఇబ్బంది పడినా వారం ఆగకుండా వెళ్లాలి. పంటి చీముగడ్డ కూడా గడ్డం మీద బయటపడొచ్చు. చీము లోతుగా ఉంటే డాక్టరు పిల్లిని తూచి, 2 నుంచి 3 వారాలకు యాంటీబయోటిక్ ఇస్తారు. పైకి తగ్గిందని మధ్యలో మానొద్దు.

పళ్లెం మార్చి, కాపడం పెడితే సాధారణంగా 2, 3 వారాల్లో పెచ్చులు రాలతాయి. నల్ల చుక్కలు కొన్ని మిగలొచ్చు, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. కొన్ని పిల్లులకు స్టీలు పళ్లెం పెట్టినా మళ్లీ వస్తుంటాయి. అప్పుడు వారానికి రెండుసార్లు గడ్డం తుడవడం మానకండి.