స్వేచ్ఛా వస్తు పటంలో ఏ బలం దేన్ని రద్దు చేస్తుంది?

ప్రశ్న: పాఠం స్లయిడ్‌లోని స్వేచ్ఛా వస్తు పటంలో, అంటే వస్తువుపై పనిచేసే బలాలను బాణాలతో చూపే బొమ్మలో, వాలుతలంపై నిశ్చలంగా ఉన్న దిమ్మెకు భారం, అభిలంబ బలం, ఘర్షణ అని మూడు బాణాలు గీశారు. భారం, అభిలంబ బలం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయా?

చేసుకోవు. రెండు బలాలు రద్దు కావాలంటే అవి ఒకే రేఖపై, ఎదురెదురు దిశల్లో ఉండాలి. ఇక్కడ భారం నిట్టనిలువుగా కిందికి ఉంటే, అభిలంబ బలం తలానికి లంబంగా, ఒక పక్కకు ఒరిగి ఉంది.

అందుకే అక్షాలను వాలు వెంట, వాలుకు లంబంగా తీసుకోండి. దిమ్మె భారం 100 న్యూటన్లు, వాలు కోణం 30 డిగ్రీలు అనుకుందాం. భారంలో వాలు వెంట కిందికి లాగే అంశ 100 sin 30° = 50 న్యూటన్లు. దాన్ని ఆపుతున్నది ఘర్షణ, కాబట్టి అదీ 50 న్యూటన్లే, పైవైపుకు. తలాన్ని నొక్కే అంశ 100 cos 30°, అంటే సుమారు 86.6 న్యూటన్లు, అభిలంబ బలం రద్దు చేసేది ఈ అంశనే, మొత్తం భారాన్ని కాదు.

చాలా స్లయిడ్లలో భారం అంశలను చుక్కల గీతలతో చూపిస్తారు. అవి కొత్త బలాలు కావు. వాటినీ భారాన్నీ కలిపి లెక్కిస్తే సమీకరణం సున్నాకు రాదు. పొరపాటును అక్కడే పట్టుకోవచ్చు.

ఘర్షణకు నేరుగా μN, అంటే ఘర్షణ గుణకం μ, అభిలంబ బలం N ల లబ్ధం, వేయకండి. μ విలువ 0.7 అయితే వచ్చే 60.6 న్యూటన్లు గరిష్ఠ పరిమితి మాత్రమే. దిమ్మె జారబోయే క్షణంలోనే ఘర్షణ అంత ఉంటుంది.