జల్లెడను ఎవరు ఊపుతున్నరు?

ప్రశ్న: ఫిజియాలజీలో కిడ్నీ చాప్టర్ పూర్తి చేశాను. నిజంగా అర్థమైందో లేదో చూసుకోవడానికి తొమ్మిదో తరగతి తమ్ముడికి సింపుల్‌గా రాసిద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి? అర్థమైందని ఎలా తెలుస్తుంది?

జవాబు: నెఫ్రాన్ బొమ్మతో మొదలుపెట్టకండి. బొమ్మ గీస్తే పేర్లు వచ్చేస్తాయి, పేర్లు వస్తే మనకు తెలిసినట్టే ఉంటుంది. నల్గొండలో మా చెల్లికి నేను ఒక్క పేజీ రాసిచ్చాను. కిడ్నీలో సన్నటి జల్లెడలు ఉంటాయి, రక్తకణాలు, ప్రొటీన్లు పైన మిగిలిపోతాయి, నీళ్ళు, ఉప్పు, చక్కెర, యూరియా కిందికి దిగుతాయి అని. చదివి అడిగింది: "అక్కా, జల్లెడను ఊపితేనే కదా పిండి పడేది. లోపల ఎవరు ఊపుతున్నరు?"

మీ తమ్ముడు ఇది అడగకపోతే మీరే అడుక్కోండి. చాప్టర్ మొత్తం దీని మీదే నిలబడింది. ఊపేది రక్తపు ఒత్తిడి. జల్లెడగా పనిచేసే కేశనాళికల చుట్ట గ్లోమెరులస్‌లో అది సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసం. రక్తంలో మిగిలిన ప్రొటీన్లు నీళ్ళను 32తో వెనక్కి లాగుతాయి. అవతల గిన్నెలాంటి బౌమన్ క్యాప్సూల్‌లో అప్పటికే దిగిన నీళ్ళు 18తో ఎదురు తోస్తాయి. మిగిలేది 10. ఇవి పాఠ్యపుస్తకాల అంచనాలే, మనిషిలో నేరుగా కొలిచినవి కావు. అయినా లెక్క అర్థం కావడానికి చాలు. మామూలు కేశనాళికల్లో ఇంత ఒత్తిడి ఉండదు. ఇక్కడ రక్తం బయటికి పోయే దారి కూడా ధమనికే, అదీ ఇరుకు. అందుకే ఒత్తిడి నిలుస్తుంది. ఆ పది చాలు, రోజుకు దాదాపు 180 లీటర్లు దిగడానికి.

అసలు పరీక్ష మే నెలలో వచ్చింది. "నిన్న ఎండల తిరిగి నీళ్ళు సరిగ్గ తాగలే, ఒంటికి కొంచెమే అయింది. అంటే జల్లెడ ఆగినట్టా?" అంది. ఆగలేదు. 180 లీటర్లలో మామూలు రోజున మూత్రంగా పోయేది లీటరున్నర, మిగిలినదంతా గొట్టాలు మళ్ళీ రక్తంలోకి లాక్కుంటాయి. నీళ్ళు తక్కువైన రోజు ఏడీహెచ్ అనే హార్మోన్ ఇంకొంచెం ఎక్కువ లాగిస్తుంది. వడపోత దాదాపు అంతే, వాపసు తీసుకున్నది పెరిగింది. మూత్రం ముదురు పసుపుగా ఉండటానికి కారణం అదే. వడపోత, మూత్రం రెండూ ఒకటే అనుకునేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. వాంతులు, విరేచనాలతో బీపీ బాగా పడిపోతే సంగతి వేరు. అప్పుడు ఆ 60 తగ్గుతుంది, వడపోతే పడిపోతుంది, రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతుంది.

పేజీ రాశాక పుస్తకం మూసి ఒకటి తేల్చుకోండి: రెండు కిడ్నీల నుంచి మూత్రం వచ్చే దారికి అడ్డం పడితే 60, 32, 18లో ముందు ఏది మారుతుంది? మూత్రం వెనక్కి తన్ని గొట్టాలు నిండుతాయి కాబట్టి 18 పెరుగుతుంది. అది 28కి చేరితే ఆ పదీ సున్నా.