సంధ్యకి మావయ్య ఉత్తరం: రెజ్యూమేలో ఉద్యోగం, చదువు కలిపేయకు

విజయనగరం

అమ్మా సంధ్యా,

ఎం.ఫార్మసీ పూర్తయిందని, మళ్లీ ఉద్యోగాలకి పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. కానీ నీ రెజ్యూమే చూశాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

రెండు పేజీల్లో ముగించావు, బాగుంది. ఫొటో తీసెయ్. పైడిభీమవరం మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షించే క్యూసీలో చేసిన మూడేళ్లని రెండో పేజీ అడుగున ఎందుకు పడేశావు తల్లీ? చూసేవాళ్లు మొదటి అర పేజీతోనే నిన్ను ఫ్రెషర్ అనుకుని ట్రైనీ జీతం చెబుతారు.

నాకు అసలు భయం వేసింది "అనుభవం: 4 ఏళ్లు" అన్న మాట చూసి. ప్రాజెక్టు నెలలు కూడా కలిపావు కదూ? నేను ఇంటర్వ్యూలు చేసే రోజుల్లో ఒక కుర్రాడు ఇలాగే రాశాడు. పని బాగా తెలిసినవాడు, ఏది అడిగినా చెప్పాడు. ఆఫర్ లెటర్ కూడా ఇచ్చారు. తర్వాత వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తీస్తే, ఉద్యోగం మానేసిన తేదీకి, అతను చెప్పిన అనుభవానికి పొంతన లేదు. ప్రాజెక్టు ఒక కంపెనీ ల్యాబ్‌లోనే చేశాడు, స్టైపెండ్ తీసుకున్నాడు, అందుకే అదీ ఉద్యోగమే అనుకున్నాడు. కానీ అక్కడ అతను విద్యార్థి, ఉద్యోగి కాదు. మన రంగంలో లాగ్‌బుక్‌లో ఒక తేదీ తేడా వస్తేనే ఎంత గొడవో నీకు తెలుసు. అలాంటిది రెజ్యూమేలోనే తేదీలు కలవకపోతే మనిషినే నమ్మరు. నేను ఎంత చెప్పినా హెచ్ఆర్ వాళ్లు వినలేదు, ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఆ పిల్లాడి మొహం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నీకా పరిస్థితి రాకూడదు.

అందుకని పైన "క్యూసీలో 3 ఏళ్లు, తర్వాత ఫుల్‌టైమ్ ఎం.ఫార్మసీ" అని ఉన్నదున్నట్టు రాయి. కింద ఉద్యోగం, దాని వెంటనే చదువు, రెండింటికీ నెలా సంవత్సరం రాయి. మధ్యలో ఖాళీ లేదని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

ప్రాజెక్టు దగ్గర థీసిస్ పేరు దించేశావు, దానివల్ల నువ్వేం చేశావో తెలియదు. ఉద్యోగంలో హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద, మందు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ శాంపిళ్లు పరీక్షించావు, అదీ వేరేవాళ్లు తయారుచేసిన మెథడ్‌తో. ప్రాజెక్టులో ఆ మెథడే నువ్వు తయారుచేశావు. ఈ రెండూ పక్కపక్కన కనబడాలి. ఉద్యోగం కింద "స్టెబిలిటీ శాంపిళ్ల పరీక్ష, ఫలితం పరిమితి దాటినప్పుడు చేసే ఓఓఎస్ దర్యాప్తుల్లో పాల్గొన్నాను" అని రాయి. ప్రాజెక్టు కింద "యాసిడ్, ఆల్కలీ, పెరాక్సైడ్, వేడి, వెలుతురుతో మందుని డిగ్రేడ్ చేసి, అలా పుట్టిన పదార్థాల పీకులు అసలు మందు పీకు నుంచి విడిపోయే మెథడ్ తయారుచేసి, మెథడ్ వాలిడేషన్ గైడ్‌లైన్ ఐసీహెచ్ క్యూ2 ప్రకారం వాలిడేట్ చేశాను" అని రాయి. ఆ గైడ్‌లైన్ 2023లో మారింది, పాతది వాడావో కొత్తది వాడావో కూడా చెప్పు, తప్పకుండా అడుగుతారు. చేయని రోబస్ట్‌నెస్ పరీక్ష చేశానని మాత్రం రాయకు.

క్యూసీ ఉద్యోగానికైతే ఈ వరసే సరిపోతుంది. అనలిటికల్ ఆర్ అండ్ డీకి పెట్టేటప్పుడు మాత్రం ప్రాజెక్టుని ఉద్యోగం కంటే పైకి తీసుకురా, అయితే "ఎం.ఫార్మసీ ప్రాజెక్టు" అన్న శీర్షిక స్పష్టంగా ఉండాలి.

కోప్పడ్డానని బాధపడకు బంగారం. ముందు పీఎఫ్, రిలీవింగ్ లెటర్ తేదీలు సరిచూసుకుని, దిద్దింది నాకు పంపు. ఆదివారం ఇంటికి వస్తే ఓఓఎస్ మీద ప్రశ్నలు అడుగుతాను.

మీ మావయ్య