22 నిమిషాల వీడియోలో ఎన్ని పోస్టులున్నాయి?

ప్రశ్న: మేడమ్, మాది పొందూరు దగ్గర పల్లె. శ్రీకాకుళంలో బీకాం మూడో సంవత్సరం చదువుతున్నాను. మా దగ్గర ఖద్దరు ఎలా తయారవుతుందో 22 నిమిషాల వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాను. పెద్దగా ఎవరూ చూడలేదు. ముక్కలు చేసి అన్నిచోట్లా పెట్టమంటే నిమిషానికొకటి చొప్పున కోసి ఇన్‌స్టా, షార్ట్స్, ఫేస్‌బుక్ అన్నింట్లో పెట్టాను. అయినా అంతే. ఎక్కడ తప్పు జరుగుతోంది? ఈ పని నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా? ఇంట్లో బ్యాంకు కోచింగ్‌కి వెళ్లమంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: నీ వీడియో మొత్తం చూశానమ్మా. తర్వాత ముక్కలూ చూశాను. వీడియోలో సరుకుంది. కానీ గడియారం చూసి కోశావు, విషయం చూసి కోయలేదు. నీ ఏడో ముక్కే తీసుకో. ఒకావిడ చేతిలో తెల్లటి వస్తువు పట్టుకుని "అందుకే దీన్నే వాడతాం" అంటుండగా మొదలవుతుంది. అది వాలుగ చేప దవడ అని ఆరో నిమిషం చివర్లో చెప్పించావు. ఆ మాట ఆరో ముక్కలో ఉండిపోయింది. ఏడోది చూసినవాళ్లకు అదేమిటో, ఎందుకో తెలియదు. రెండు సెకన్లు చూసి వేలితో పైకి తోసేస్తారు.

ఈ పనిలో మొదటి మెట్టు ఎడిటింగ్ యాప్ కాదు, కాగితం. వీడియో ఆపుకుంటూ అందులోని మాటలన్నీ టైంతో సహా రాసుకో. 22 నిమిషాలకు ఒక పూట పడుతుంది. రాశాక ఒక్కో చోట ఆగి అడుగు: పెద్ద వీడియో ఒకటుందని తెలియని మనిషికి ఈ కాస్త చూపిస్తే పూర్తిగా అర్థమవుతుందా? "ఇందాక చెప్పినట్టు", "అది", "ఆవిడ", "తర్వాత" లాంటి మాటలతో మొదలయ్యే చోట్లు దాదాపు ఎప్పుడూ వెనక్కి ఆనుకుని ఉంటాయి. వాటికి ముందు ఒక వాక్యం చేర్చాలి, లేదా వదిలేయాలి.

అలా చూస్తే నీ వీడియోలో నాకు ఆరు దొరికాయి. చేప దవడతో పత్తి దువ్వడం. వడకడానికి చుట్టిపెట్టిన పత్తి ఏకులను అరటి దొప్పలో దాచుకోవడం. వడికే ఆవిడ వాళ్లమ్మ దగ్గర ఎలా నేర్చుకుందో చెప్పడం. మగ్గం మీద పని. ఖద్దరుకీ మామూలు చేనేతకీ తేడా. వడికేవాళ్లకు కూలి ఎలా లెక్కగడతారో అన్నది. ఆరే. 22 నిమిషాలకు 22 రావాలని ఎక్కడా లేదు. మీ ఊరి రోడ్డు, నీ పరిచయం, సంతలో తిరిగిన భాగం పెద్ద వీడియోలో బాగున్నాయి, విడిగా నిలబడవు. ఒక వీడియో నుంచి 30 పోస్టులు చేసిపెడతామని చెప్పుకునేవాళ్లు ఆ సంఖ్య కోసం ఇలాంటి ఖాళీ ముక్కల్నే కలుపుతుంటారు.

ఇప్పుడు చేప దవడ బిట్ ఒక్కటి పూర్తిగా చేసి చూద్దాం. నీ వీడియోలో అది రెండున్నర నిమిషాలుంది. వరస ఇలా సాగింది: పత్తి రకం, గింజతో ఉన్న పత్తిని శుభ్రం చేయాల్సిన అవసరం, దవడ ఎక్కణ్నుంచి తెస్తారో, చివరికి దువ్వడం. పెద్ద వీడియోకి ఆ వరస సరైనదే, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్లు చూద్దామనే కూర్చున్నారు. షార్ట్స్‌లో అలా కాదు. అక్కడ చివరిది ముందుకు రావాలి. మొదటి షాట్ దవడ పళ్ల మధ్య నుంచి పత్తి పోగులు సాగుతున్న దగ్గరి దృశ్యం. దాని మీద నీ గొంతులో ఒకే వాక్యం: "పొందూరులో పత్తిని చేప దవడతో దువ్వుతారు." వెంటనే ఆవిడ మాట: ఆ సన్నటి పళ్లతో దువ్వితే చెత్త పోతుంది, పోగులు ఒక దారికి వస్తాయి. తర్వాత దువ్వని పత్తి, దువ్విన పత్తి పక్కపక్కన. అక్కడితో అయిపోయింది. 40 సెకన్లు దాటదు. దవడ ఎక్కణ్నుంచి వస్తుందన్నది ఆసక్తిగా ఉన్నా ఇందులో పెట్టొద్దు. అది అడిగేవాళ్లు కామెంట్లలో అడుగుతారు, అక్కడ చెప్పు.

ఇక ఫ్రేము. నువ్వు ఫోను అడ్డంగా పెట్టి 1920x1080లో తీశావు. దాన్నుంచి నిలువు బొమ్మ కోస్తే ఎత్తు 1080 ఉంటే వెడల్పు 608 పిక్సెల్సే మిగులుతుంది. అంటే ఫ్రేములో మూడో వంతు కన్నా తక్కువ. దాన్ని మళ్లీ 1080x1920కి సాగదీస్తే బొమ్మ మసకబారుతుంది. నీ రీల్స్ మసగ్గా ఉన్నాయని ఎవరో కామెంట్ పెట్టారు కదా, కారణం ఇదే. మీ ఫోన్‌లో 4కే ఉంటే ఇకపై అందులో తీయి. అప్పుడు కోసినా 1215 పిక్సెల్స్ వెడల్పు మిగులుతుంది, అది చాలు. అలాగే చేతులతో చేసే పని ఫ్రేము మధ్యలో ఉండేలా చూసుకో. ఇప్పుడున్న వీడియోకైతే దగ్గరి షాట్లనే నిలువుగా కోయి. ఆవిడ ముఖం ఎడమ పక్క, రాట్నం కుడి పక్క ఉన్న షాట్‌ని నిలువుగా కోస్తే ఏదో ఒకటి పోతుంది.

మగ్గం బిట్‌ని అందుకే వీడియోగా కోయొద్దంటాను. మగ్గం వెడల్పంతా కనిపిస్తేనే అడ్డనూలు తీసుకెళ్లే నాడె ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్లడం తెలుస్తుంది. దాన్ని ఫొటోల వరసగా చేయి: పడుగు, నాడె, నేతగాడి కాళ్లు, సగం నేసిన బట్ట, ఒక్కో ఫొటో కింద ఒక్కో వాక్యం. ఇన్‌స్టాలో పక్కకి జరుపుకుంటూ చూసే పోస్టుగా ఇది బాగుంటుంది.

ఖద్దరుకీ చేనేతకీ తేడా అన్న బిట్‌లో కెమెరా ముందు మాటలు తప్ప చూడ్డానికేమీ లేదు. కానీ చదవడానికి అన్నిటికన్నా మంచి విషయం అదే. చేనేత అంటే చేత్తో నేసింది, నూలు మిల్లుదైనా కావచ్చు. ఖద్దరు అంటే నూలు వడకడమూ చేత్తోనే, నేయడమూ చేత్తోనే. ఇది ఫేస్‌బుక్‌లో నాలుగు పేరాలుగా రాయి. నువ్వు రాసుకున్న మాటల్ని యథాతథంగా అక్కడ పెడితే మాత్రం ఎవరూ చదవరు. మాట్లాడేటప్పుడు ఒకే సంగతిని మూడుసార్లు చెబుతాం, మధ్యలో వాక్యం వదిలేస్తాం. రాతలో అసలు సంగతి మొదటి వాక్యంలోనే రావాలి. అదే పోస్టులోని మొదటి రెండు వాక్యాలు, ఒక ఫొటో కలిపితే వాట్సాప్ స్టేటస్ కూడా అయిపోతుంది. మీ ఊరివాళ్లు, చుట్టాలు ముందు చూసేది అక్కడే.

నీ ముక్కల్లో ఇంకో లోపం వినిపించింది. మాటల కింద సంగీతం పెట్టావు, కోసిన ప్రతిచోటా పాట ఎగిరిపడుతోంది. ఎడిటింగ్ అయ్యాక పెద్ద వీడియోని రెండు రకాలుగా దాచుకో: సంగీతంతో ఒకటి, మాటలు మాత్రమే ఉన్నది ఒకటి. ముక్కలు ఎప్పుడూ రెండోదాన్నుంచే కోయాలి. ఒక యాప్‌లో పెట్టిన వీడియోని అక్కణ్నుంచి డౌన్‌లోడ్ చేసి ఇంకో యాప్‌లో పెట్టొద్దు. మొదటి యాప్ ముద్ర దాని మీద పడి ఉంటుంది, అలాంటివాటిని ఇన్‌స్టాగ్రామ్ కొత్తవాళ్లకు తక్కువగా చూపిస్తుంది. ఎడిటింగ్ ఫైలు నుంచే ఏ యాప్‌కి ఆ యాప్ కాపీ తీసుకో.

స్క్రీన్ మీద అక్షరాలు తప్పనిసరి, చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు. యాప్ దానంతట అదే వాటిని రాసిపెట్టినా ఒక్కో అక్షరం చదివి దిద్దు. మన శ్రీకాకుళం యాస, ఏకు, పేక లాంటి మాటలు యంత్రానికి సరిగా అందవు. ఒకసారికి రెండు వరసలు మించొద్దు. వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువ ఉంచు, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల్ని తాకుతాయి. అక్షరాల్ని మరీ అడుగున పెట్టకు. అక్కడ నీ పేరు, వివరణ వచ్చి కప్పేస్తాయి. కుడి పక్క కూడా లైకు, షేరు బటన్లుంటాయి.

ఫలితం ఎలా చూడాలంటే, షార్ట్స్‌లో వ్యూస్ అంకెని నమ్ముకోకు. 2025 మార్చి 31 నుంచి వీడియో కదలడం మొదలైతే చాలు, ఒక వ్యూగా లెక్కేస్తున్నారు. యూట్యూబ్ స్టూడియోలో ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది తోసేశారు అన్నది విడిగా ఉంటుంది, అది చూడు. ఎక్కువమంది తోసేస్తే మొదటి షాట్ మార్చాలి. ఆగినవాళ్లు సగంలో పోతుంటే మధ్యలో ఏదో సాగిందని. చివరిదాకా చూసి పెద్ద వీడియోకి రాకపోతే అది సహజమే, చాలామంది రారు. వచ్చేవాళ్లకి దారి మాత్రం ఉండాలి. షార్ట్ వివరణలో లింకు పెడితే అది నొక్కడానికి పనిచేయదు. షార్ట్ పెట్టేటప్పుడు నీ పెద్ద వీడియోని దానికి జతచేసే సదుపాయం ఉంది, దాన్ని వాడు.

ఆరోది, కూలి గురించిన బిట్, దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అందులో ఆవిడ "ఈ కూలితో ఏం బతుకుతాం, మానేద్దామనిపిస్తుంది" అంటుంది. తర్వాత 20 సెకన్లకు "అయినా అమ్మ నేర్పిన పని, చేయి ఊరుకోదు" అంటుంది. మొదటి మాట మీద కోస్తే బాగా పాకుతుంది. కానీ అది ఆవిడ చెప్పిన మాట కాదు, నువ్వు చెప్పించిన మాట అవుతుంది. రెండూ కలిసే వెళ్లాలి, నిడివి పెరిగినా సరే. షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల వరకు ఉండొచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. పెట్టేముందు ఆవిడకి ఫోన్‌లో చూపించి అడుగు. పెద్ద వీడియోకి ఒప్పుకున్నంత మాత్రాన, తన ముఖం కూలి గురించిన మాటతో ఊరందరి స్టేటస్‌లో తిరగడానికి ఒప్పుకున్నట్టు కాదు. వద్దంటే ఐదే పోస్టులు.

ఉద్యోగం సంగతి. ఈ పని చేసేవాళ్లని వీడియో ఎడిటర్ అనో, సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్ అనో తీసుకుంటారు. సర్టిఫికెట్ కన్నా చేసిన పని చూస్తారు. కాబట్టి ఒక పేజీ తయారు చేసుకో: పైన పొందూరు పెద్ద వీడియో, కింద దాన్నుంచి తీసిన ఆరు పోస్టులు, ప్రతిదాని పక్కన దాన్ని ఆ రూపంలోనే ఎందుకు పెట్టావో రెండు వాక్యాలు. మగ్గాన్ని ఫొటోలుగా ఎందుకు చేశావో చెప్పగలిగితే, యాప్ ఒక్కటే తెలిసినవాళ్లకీ నీకూ తేడా వాళ్లకి అక్కడే కనిపిస్తుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరి వీడియోలు చేయి, నీకు పరిచయం లేని రంగాలైతే మంచిది. పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకరు, శ్రీకాకుళంలో పాఠాలు చెప్పే మాస్టారు ఒకరు అనుకో. తెలియని విషయంలో ఏది విడిగా నిలబడుతుందో పట్టుకోగలవా అన్నది అప్పుడే తేలుతుంది.

డబ్బు అడిగేటప్పుడు ముక్కకి ఇంత అని మాట్లాడుకోకు. అలా ఒప్పుకుంటే ఎన్ని కోస్తే అంత డబ్బు, మళ్లీ నిమిషానికొకటి దగ్గరికే వస్తావు. ఒక పెద్ద వీడియోకి ఇంత, అందులోంచి కనీసం నాలుగు వస్తాయి, మార్పులు రెండుసార్లు చేస్తాను అని ముందే రాసి పంపు. ఇంట్లోవాళ్లతో గొడవ అవసరం లేదు. డిగ్రీ పూర్తి కావడానికి ఇంకా నెలలున్నాయి, వారానికి ఒక పూట ఇస్తే ఈ మూడు వీడియోల పని అయిపోతుంది. ఆ ఇద్దరిలో ఒకరైనా రెండో వీడియోని డబ్బిచ్చి నీచేత చేయిస్తే, అప్పుడు కోచింగ్ ఫీజు కట్టాలా వద్దా అన్నది నాన్నగారితో కూర్చుని మాట్లాడు. అడగకపోతే కోచింగ్‌లో చేరు, ఈ పనిని పక్కన సాగించు.