ఉచిత ట్రయల్‌కి వర్చువల్ కార్డు

తిరుపతిలో హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నా. ఒక యాప్‌లో ఏడు రోజుల ఫ్రీ ట్రయల్‌కి వర్చువల్ కార్డు ఇస్తే, తర్వాత డబ్బులు కట్ అవుతాయా?

లిమిట్ సరిగ్గా పెట్టుకుంటే కట్ కావు తమ్ముడూ. మీ యాప్ ట్రయల్‌కి 2 రూపాయలు, ఎనిమిదో రోజు 1,499 తీస్తుందనుకుందాం. వర్చువల్ కార్డంటే చేతికి రాకుండా నంబరుగా మాత్రమే ఉండే కార్డు, అందులో 10 రూపాయలే వేయండి. 2 పోతాయి, 1,499 అడిగినప్పుడు బ్యాంకు కాదంటుంది. కొన్ని యాప్‌లు నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ అడుగుతాయి కాబట్టి ఆ కార్డులో ఇంకేదానికీ డబ్బు నింపొద్దు.

ఒక్కసారికే పనిచేసే కార్డయితే, ఆ 2 రూపాయలకే దాని ఆయుష్షు తీరిపోతుంది. మనకు కావలసిందీ అదే. అయితే ప్రతినెలా కోతకు అనుమతి, అంటే ఈ-మాండేట్, అలాంటి కార్డు మీద నమోదు కాక ట్రయలే మొదలవకపోవచ్చు. అప్పుడు లిమిట్ పెట్టుకోగల వర్చువల్ కార్డు వాడండి.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం మాండేట్ మీద డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందే మెసేజ్ రావాలి. దాన్ని ఆఫర్ల మెసేజ్ అనుకుని చెరిపేయకండి, వద్దనే వీలు అందులోనే ఉంటుంది.

అసలు బోల్తా కొట్టేది వేరేచోట. 'యూపీఐతో కట్టండి' అని నొక్కి పిన్ కొట్టారంటే ఆటోపే మొదలైనట్టే, కార్డుకి దాంతో సంబంధం లేదు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి రద్దు చేయండి. కార్డు ఆగినా సబ్‌స్క్రిప్షన్ రద్దయినట్టు కాదు, యాప్‌లో కూడా క్యాన్సిల్ కొట్టి స్క్రీన్‌షాట్ దాచుకోండి.